ఐదు శాతమే కదా అనుకుంటే: కారు లోన్ ముందే తీర్చేయడానికి అయ్యే అసలు ఖర్చు

చేతికి ఒకేసారి ఐదారు లక్షలు అందినప్పుడు మధ్యతరగతి ఇళ్లలో ముందుగా వినిపించే మాట, "ఆ కారు లోన్ తీర్చేసి ప్రశాంతంగా ఉందాం" అని. అది చిట్టీ పాడుకున్న డబ్బు కావచ్చు, పీఎఫ్ కావచ్చు, ఊళ్లో స్థలం అమ్మగా వచ్చిన వాటా కావచ్చు. లెక్క కూడా తేలిగ్గానే కనిపిస్తుంది. లోన్ మీద కడుతున్న వడ్డీ తొమ్మిదిన్నర శాతం. అదే డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే వచ్చేది ఆరున్నర. కాబట్టి తీర్చేయడమే లాభం అనిపిస్తుంది.

అనిపించినంత లాభం చాలాసార్లు ఉండదు. ఒక్కోసారి నష్టమే వస్తుంది. మధ్యలో అడ్డుపడేది ఫోర్‌క్లోజర్ చార్జి. గడువుకు ముందే లోన్ మూసేస్తున్నందుకు, మిగిలిన అసలు మీద ఇంత శాతం అని లోన్ ఇచ్చిన సంస్థ వసూలు చేసే రుసుం అది. ఐదు శాతం, మూడు శాతం అంటూ చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ లోన్ వడ్డీ తొమ్మిదిన్నర అన్నప్పుడు అది ఏడాదికి. ఫోర్‌క్లోజర్ ఐదు అన్నప్పుడు అది ఒక్క దెబ్బకు. లోన్ ఇంకా మూడేళ్లు ఉన్నా, ముప్పావు ఏడాదే ఉన్నా ఐదు ఐదే. ఈ తేడా పట్టించుకోకుండా రెండు శాతాలనూ పక్కపక్కన పెట్టి చూడటంలోనే పొరపాటంతా ఉంది.

ఒక లెక్క తీసుకుని చివరిదాకా వెళ్దాం. గుంటూరులో ఒక హైస్కూలు మాస్టారు ఎనిమిది లక్షల లోన్‌తో కారు కొన్నారనుకుందాం. ఐదేళ్ల గడువు, 9.5 శాతం స్థిర వడ్డీ. నెలకు ఈఎంఐ 16,801 రూపాయలు. ప్రతి నెలా 5వ తేదీన ఖాతాలోంచి కట్ అవుతుంది. 24 వాయిదాలు పడ్డాక చిట్టీ డబ్బు చేతికొచ్చింది. లోన్ తీర్చేద్దామనుకున్నారు. ఒప్పందంలో ఇలా ఉంది: మొదటి ఆరు నెలలు మూయడానికి వీల్లేదు, 7 నుంచి 12 వాయిదాల మధ్య మూస్తే మిగిలిన అసలు మీద 6 శాతం, 13 నుంచి 24 మధ్య 5 శాతం, 25వ వాయిదా నుంచి 3 శాతం. సంస్థను బట్టి అంకెలు మారతాయి గానీ, స్థిర వడ్డీ కారు లోన్లలో ఈ మెట్ల పద్ధతి తరచుగా కనిపించేదే.

ఇంకా ఎంత బాకీ?

ముందు తేలాల్సింది మిగిలిన అసలు. ఇక్కడే చాలామంది రెండు రకాలుగా తప్పుతారు. ఒక లెక్కేమో, "ఎనిమిది లక్షలు తీసుకున్నాం, నాలుగు లక్షల పైన కట్టాం, ఇంకో నాలుగు ఉంటుంది" అని. రెండో లెక్క, "ఇంకా 36 వాయిదాలున్నాయి, ఒక్కోటి 16,801, అంటే ఆరు లక్షల పైచిలుకు" అని. మాస్టారి లోన్‌లో నిజంగా మిగిలిన అసలు ఈ రెండింటికీ మధ్య ఉంటుంది. అది 5,24,506 రూపాయలు.

కారణం ఈఎంఐ లోపలి అమరికలో ఉంది. వడ్డీ ప్రతి నెలా ఆ నెలకు మిగిలి ఉన్న అసలు మీదే పడుతుంది. మొదటి నెలలో ఎనిమిది లక్షల మీద వడ్డీ 6,333 రూపాయలు. 16,801లో అది పోగా అసలులోంచి తగ్గింది 10,468 మాత్రమే. 25వ నెలకు వచ్చేసరికి వడ్డీ 4,152కు దిగి, అసలుకు 12,649 జమవుతుంది. అంటే మొదటి రెండేళ్లలో మాస్టారు కట్టిన నాలుగు లక్షల మూడు వేలలో అసలు కింద జమైంది 2,75,494. మిగతా 1,27,742 వడ్డీకి పోయింది. ఐదేళ్ల మొత్తం వడ్డీ 2,08,089. గడువులో ఐదింట రెండు వంతులు గడిచేసరికి వడ్డీలో అరవై శాతం పైగా కట్టేసినట్టే. ముందే మూసేస్తే మిగిలేది ఇంకా కట్టని 80,347 రూపాయల వడ్డీ. అంతకుమించి ఒక్క రూపాయి మిగలదు. "రెండు లక్షల వడ్డీ తప్పించుకుంటాను" అనుకుని బయల్దేరినవాళ్లకు ఇది మొదటి చేదు.

ఈ బాకీ మొత్తాన్ని సంస్థ యాప్‌లో చూసుకోవచ్చు, లేదా లోన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన రీపేమెంట్ షెడ్యూల్‌లో 24వ వరుస చివర చూసుకోవచ్చు. అవేవీ దొరక్కపోతే ఫోన్‌లో ఉండే స్ప్రెడ్‌షీట్ చాలు. దాని సూత్రం కాసేపట్లో ఇస్తాను.

స్టేట్‌మెంట్ చదవడం

మాస్టారు 20వ తేదీన మూసేస్తానని అడిగితే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అనే ఒక పేజీ కాగితం మెయిల్‌లో వస్తుంది. దాన్ని పైనుంచి కిందికి చదువుకుంటూ వెళ్తే ఖర్చంతా అందులోనే కనిపిస్తుంది.

మొదటి వరుసలో మిగిలిన అసలు, 5,24,506. రెండో వరుసలో చివరి ఈఎంఐ పడిన 5వ తేదీ నుంచి 20వ తేదీ దాకా పదిహేను రోజుల వడ్డీ. రోజుకు 136 రూపాయల 50 పైసల చొప్పున 2,048. దీన్ని చూసి "ఇదెక్కడి కొత్త వడ్డీ" అని గొడవపడేవాళ్లుంటారు. అది కొత్తదేమీ కాదు. ఆ పదిహేను రోజులూ డబ్బు మన దగ్గరే ఉంది కాబట్టి దానికి కట్టే అద్దె అది. లోన్ మూయకపోయినా వచ్చే ఈఎంఐలో కలిసే కట్టేవాళ్లం. మూడో వరుస ఫోర్‌క్లోజర్ చార్జి. 5,24,506 మీద 5 శాతం, అంటే 26,225. నాలుగో వరుస ఆ చార్జి మీద 18 శాతం జీఎస్టీ, 4,721. అన్నీ కలిపితే 5,57,500 రూపాయలు.

ఇందులో మనసుకు ఎక్కాల్సింది నాలుగో వరుస. బ్రోచర్ మీద "5 శాతం" అని ఉంటే, దాని పక్కనే చిన్న అక్షరాల్లో "పన్నులు అదనం" అని ఉంటుంది. జీఎస్టీ అసలు మీద పడదు, వడ్డీ మీద పడదు, చార్జి మీదే పడుతుంది. కాబట్టి 5 శాతం అసలు ధర 5.9 శాతం. 3 శాతం అంటే 3.54. 6 శాతం అంటే 7.08. ముందే లెక్క వేసుకునేటప్పుడు ఈ అంకెలే వాడాలి.

వీటి కింద ఒక్కోసారి ఇంకొన్ని వరుసలుంటాయి. ఎప్పుడో చెక్కు బౌన్స్ అయిన చార్జీలు, ఆలస్యపు రుసుములు, పడని పాత వాయిదా. ఇవి నిజంగా మనవేనా అని ఖాతా స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోవడం తప్పనిసరి. కట్టేశాక వెనక్కి రాబట్టడం కంటే కట్టకముందు తీయించడం సులువు. మనం ఎప్పుడైనా ఎక్కువ కట్టి ఉంటే ఆ మొత్తం మైనస్ గుర్తుతో కనిపించాలి. కనిపించకపోతే అడగాలి. స్టేట్‌మెంట్‌కు గడువు తేదీ ఉంటుంది. అది దాటితే రోజువారీ వడ్డీ మారిపోతుంది కాబట్టి కొత్తది తీసుకోవాల్సిందే.

ఇంతకీ లాభమా?

చార్జి, జీఎస్టీ కలిపి మాస్టారు అదనంగా కట్టేది 30,946 రూపాయలు. తప్పేది 80,347 వడ్డీ. తేడా 49,401. చూడటానికి బాగానే ఉంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి చెక్కు రాసేస్తారు.

కానీ ఆ నలభై తొమ్మిది వేలు ఊరికే రావడం లేదు. మూడేళ్లలో నెమ్మదిగా కట్టాల్సిన డబ్బును ఈరోజే ఐదున్నర లక్షల పైగా ముందుగా ఇచ్చేస్తే వస్తున్నాయి. ఆ డబ్బు మన దగ్గరే ఉండి ఉంటే అదీ ఎంతో కొంత సంపాదించేది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు. ఈరోజు 5,55,452 (అసలు, చార్జి, జీఎస్టీ కలిపి, వాడుకున్న రోజుల వడ్డీని పక్కన పెట్టాం) ఇచ్చి, రాబోయే 36 నెలలు నెలకు 16,801 చొప్పున కట్టక్కర్లేకుండా చేసుకుంటే, మన డబ్బు మీద ఏడాదికి ఎంత శాతం వచ్చినట్టు? స్ప్రెడ్‌షీట్‌లో రెండు సూత్రాలతో తేలిపోతుంది.

```
=PV(9.5%/12, 36, -16801)
=RATE(36, -16801, 555452)*12
```

మొదటిది మిగిలిన అసలు చూపిస్తుంది. ఈఎంఐలో పైసలు వదిలేశాం కాబట్టి సంస్థ లెక్కకు పది ఇరవై రూపాయల తేడా వస్తుంది, ఫర్వాలేదు. రెండోది ఈ వ్యవహారంలో మన డబ్బు సంపాదించే వార్షిక రేటు. వడ్డీ, మిగిలిన నెలలు, ఈఎంఐ, కట్టాల్సిన మొత్తం, వీటిలో ఎవరివి వాళ్లు పెట్టుకోవచ్చు. మాస్టారి విషయంలో వచ్చే జవాబు 5.6 శాతం.

తొమ్మిదిన్నర శాతం లోన్ తీరుస్తున్నామని మనం అనుకుంటున్నాం. చార్జి పోగా మన చేతికి దక్కుతున్నది 5.6 శాతమే. ఆరున్నర శాతం ఎఫ్‌డీ వేసుకుని, ఈఎంఐలు వాటి దారిన అవి కట్టుకుంటూ పోతే, పన్ను పడనివాళ్లకు అదే మెరుగు. ఇరవై శాతం పన్ను స్లాబ్‌లో ఉన్నవాళ్లకు సెస్‌తో కలిపి పన్ను పోగా ఎఫ్‌డీ మీద నికరంగా మిగిలేది సుమారు 5.15 శాతం. వాళ్లకు లోన్ తీర్చడం కాస్త మొగ్గు. ముప్పై శాతం స్లాబ్‌లో ఉంటే ఎఫ్‌డీ నాలుగున్నరకు దిగిపోతుంది, అప్పుడు తీర్చడమే మంచిది. డబ్బు సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడి ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు. ఏ సలహాదారుడైనా మీ పన్ను స్లాబ్ అడక్కుండా "తీర్చేయండి" అన్నా, "వద్దు" అన్నా ఆ మాటకు విలువ లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు మలుపు. మాస్టారు ఒక్క నెల ఆగి, 25వ వాయిదా పడ్డాక మూస్తే? అసలు 5,11,857కు తగ్గుతుంది. చార్జి మెట్టు 5 నుంచి 3కు దిగుతుంది. చార్జి, జీఎస్టీ కలిపి 18,120. నెల ముందు అయితే 30,946. ఆగినందుకు ఆ నెల వడ్డీ 4,152 పోయింది, చార్జిలో 12,826 తగ్గింది. నికరంగా ఎనిమిది వేల ఆరు వందల పైచిలుకు మిగిలింది. పై సూత్రంలో 35 నెలలు, 5,29,977 పెట్టి చూస్తే రేటు 5.6 నుంచి 7.1 శాతానికి ఎగబాకుతుంది. ఆరున్నర శాతం ఎఫ్‌డీని ఇది పన్ను లేకుండానే దాటేస్తుంది. చిట్టీ డబ్బు వచ్చిన వారంలోనే పరుగెత్తడం వల్ల పోయేది ఇదే. ఒప్పందంలో మెట్టు ఎక్కడ మారుతుందో, ఆ లెక్క మొదటి వాయిదా తేదీ నుంచా, లోన్ డబ్బు విడుదలైన తేదీ నుంచా అన్నది మూసే తేదీ నిర్ణయించే ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మెయిల్‌లో అడిగితే మెయిల్‌లోనే జవాబు వస్తుంది, తర్వాత పనికొస్తుంది.

చార్జి తగ్గినా లాభం తగ్గుతుంది

మెట్టు దిగాక ఇంకా ఆగితే ఇంకా లాభమా? కాదు, అక్కడినుంచి కథ తిరగబడుతుంది. అదే 3 శాతం చార్జితో 36 వాయిదాల తర్వాత మూస్తే వచ్చే రేటు ఆరు శాతం చిల్లర. 48 వాయిదాలయ్యాక మూస్తే మిగిలిన అసలు 1,91,615, మిగిలిన వడ్డీ 10,003 రూపాయలు, చార్జి జీఎస్టీతో 6,783. మిగిలేది 3,220. ఏడాదికి మూడు శాతం వచ్చినట్టు. ముప్పై శాతం పన్ను కట్టేవాళ్లు ఎఫ్‌డీ వేసుకున్నా ఇంతకంటే ఎక్కువే వస్తుంది.

చార్జిని మెట్లుగా కాకుండా గడువంతా 5 శాతంగా పెట్టే ఒప్పందాలూ ఉంటాయి. అలాంటి లోన్‌ను 48వ వాయిదా తర్వాత మూస్తే జీఎస్టీతో కలిపి చార్జి 11,305. తప్పే వడ్డీ పదివేలు. అంటే పదమూడు వందలు ఎదురిచ్చి మరీ లోన్ మూసుకున్నట్టు. చివరి ఏడాదిలో "ఇక ఎంతోలేదు, పీడ వదిలించుకుందాం" అని మూసేవాళ్లు చాలామంది ఉంటారు. డబ్బు లెక్కన చూస్తే అప్పుడే మూయకూడదు.

కారణం సులువే. మిగిలిన నెలలు తగ్గేకొద్దీ మిగిలిన వడ్డీ మిగిలిన అసలు కంటే వేగంగా కరిగిపోతుంది. చార్జి మాత్రం అసలుకే అంటుకుని ఉంటుంది. స్ప్రెడ్‌షీట్ తెరిచే ఓపిక లేనివాళ్లకు చేతి లెక్క ఒకటుంది. మిగిలిన వాయిదాలకు ఒకటి కలపండి. దాన్ని వార్షిక వడ్డీ శాతంతో గుణించి 24తో భాగించండి. వచ్చేది, మిగిలిన అసలులో ఎంత శాతం వడ్డీ ఇంకా కట్టాల్సి ఉందో సుమారుగా చెబుతుంది. 12 వాయిదాలుంటే 13 ఇంటూ 9.5, బై 24, అంటే 5.1. గడువు ఎక్కువ మిగిలి ఉంటే ఈ లెక్క కాస్త తక్కువ చూపిస్తుంది గానీ తీర్పు మార్చేంత కాదు. ఈ అంకె జీఎస్టీ కలిపిన చార్జి శాతం కంటే తక్కువైతే చర్చే అక్కర్లేదు, నష్టం. కాస్త ఎక్కువైనా ఉత్సాహపడనక్కర్లేదు, ఎఫ్‌డీ అంతకంటే ఎక్కువ ఇస్తుంది. మన లోన్‌లో 3 శాతం చార్జి అయితే ఏడు వాయిదాలు మిగిలినప్పుడు, 5 శాతం అయితే పదమూడు మిగిలినప్పుడు గీత దాటి నష్టంలోకి వెళ్తుంది.

చార్జి కట్టక్కర్లేని లోన్లు

ఇంతవరకూ చెప్పిందంతా స్థిర వడ్డీ లోన్ గురించి. ఫ్లోటింగ్ వడ్డీ అయితే కథ వేరు. వ్యక్తులకిచ్చిన ఫ్లోటింగ్ రేటు టర్మ్ లోన్ల మీద ఫోర్‌క్లోజర్ చార్జి వసూలు చేయొద్దని రిజర్వు బ్యాంకు 2014 మే నెలలోనే బ్యాంకులకు చెప్పింది. 2025 జూలై 2న దీని మీద మరింత విస్తృతమైన ఆదేశాలిచ్చింది. 2026 జనవరి 1 నుంచి మంజూరైన, లేదా రెన్యువల్ అయిన లోన్లకు అవి వర్తిస్తాయి. వ్యాపారం కోసం కాకుండా వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ లోన్‌ను ఎప్పుడు మూసినా, డబ్బు ఎక్కడినుంచి తెచ్చి మూసినా చార్జి ఉండకూడదు. ఇన్ని నెలలు ఆగాలన్న నిబంధనా పెట్టకూడదు.

కాబట్టి మొదట చూడాల్సింది మంజూరు పత్రంలో వడ్డీ రకం ఏమని ఉందో. ప్రైవేటు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చే కారు లోన్లు ఎక్కువగా స్థిర వడ్డీవే. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో రెపో రేటుకు గానీ, బ్యాంకు సొంత ప్రామాణిక రేటుకు గానీ ముడిపెట్టిన ఫ్లోటింగ్ కారు లోన్లూ ఉన్నాయి. "వడ్డీ మారలేదు కాబట్టి నాది స్థిర వడ్డీ" అని ఊహించుకోవద్దు. రేటు మారే షరతు ఉందా లేదా అన్నదే ముఖ్యం. కొంతకాలం స్థిరంగా, తర్వాత ఫ్లోటింగ్‌గా ఉండే లోన్లలో మూసే రోజున అది ఏ దశలో ఉందన్నదే కొత్త ఆదేశాల ప్రకారం లెక్క.

స్థిర వడ్డీ లోన్ అయినా చేతిలో ఆయుధం లేకపోలేదు. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం తప్పనిసరి. అందులో ఫోర్‌క్లోజర్ చార్జి ఎంతో రాసి ఉండాలి. రాయని చార్జిని తర్వాత తెచ్చి మన మీద వేయడం కుదరదు. పైన చెప్పిన 2025 ఆదేశాల్లో ఇంకో మాటా ఉంది: చార్జి వేస్తే, ముందుగా చెల్లిస్తున్న మొత్తం మీదే వేయాలి. మొదట తీసుకున్న ఎనిమిది లక్షల మీద వేస్తే అది తప్పు. స్టేట్‌మెంట్‌లో చార్జి అంకెను శాతంతో భాగించి చూస్తే ఏ మొత్తం మీద వేశారో అరనిమిషంలో తెలిసిపోతుంది. 26,225ని 0.05తో భాగిస్తే 5,24,500 రావాలి. ఎనిమిది లక్షలు వచ్చిందంటే ఫోన్ చేయాల్సిందే.

కొందరు ఇంకో ఉపాయం చేస్తారు. కొన్ని ఒప్పందాల్లో ఏడాదికోసారి అసలులో కొంత శాతం దాకా చార్జి లేకుండా కట్టే వీలుంటుంది. ముందు అది కట్టి అసలు తగ్గించి, తర్వాత మూస్తే చార్జి తక్కువ మీద పడుతుందని వాళ్ల ఆలోచన. ఆలోచన సరైనదే, కానీ కొన్ని సంస్థలు దీన్ని ముందే ఊహించాయి. మూయడానికి ముందు పన్నెండు నెలల్లో కట్టిన అదనపు మొత్తాన్నీ కలిపి చార్జి వేస్తామని ఒప్పందంలో ఒక వాక్యం పెట్టుకుంటాయి. ఆ వాక్యం మీ కాగితంలో ఉందో లేదో చూసుకున్నాకే ఈ దారి పట్టండి.

రేటు తక్కువైనా మూయక తప్పని సందర్భాలుంటాయి. కారు అమ్మేస్తున్నామంటే కొనేవాడికి ఎన్‌ఓసీ కావాలి, వేరే దారి లేదు. అప్పుడు ఈ చార్జిని కారు ధరలో భాగంగా లెక్కేసుకోవాలి. ఇంకోటి ఇంటి లోన్. బ్యాంకు మన జీతంలోంచి పాత ఈఎంఐలు తీసేసి, మిగిలినదాన్ని బట్టే ఇంటి లోన్ ఎంత ఇవ్వాలో తేలుస్తుంది. 16,801 రూపాయల ఈఎంఐ లేకుండా పోతే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల లోన్ లెక్కన సుమారు 19 లక్షల అర్హత పెరుగుతుంది. ఆ పంతొమ్మిది లక్షల కోసమే అనుకున్న ఇల్లు ఆగిపోయి ఉంటే, ముప్పై వేల చార్జి గురించి బాధపడనక్కర్లేదు.

కట్టే రోజు, ఆ తర్వాత

మూసే తేదీని ఈఎంఐ తేదీకి మరీ దగ్గరగా పెట్టుకోకపోవడం మంచిది. ఈఎంఐ కట్ చేయమని మన బ్యాంకుకు వెళ్లే ఆటో డెబిట్ సూచన కొన్ని రోజుల ముందే తయారైపోతుంది. 3వ తేదీన లోన్ మూసినా 5వ తేదీన 16,801 ఖాతాలోంచి పోయే అవకాశం ఉంది. ఆ డబ్బు తిరిగి వస్తుంది గానీ, ఎన్ని ఫోన్లు చేయాలో చెప్పలేం. ఈఎంఐ పడ్డాక నాలుగైదు రోజులకు స్టేట్‌మెంట్ తీసుకుని, దాని గడువులోపు కట్టేస్తే ఈ చిక్కు ఉండదు, రోజువారీ వడ్డీ కూడా తక్కువ పడుతుంది. లోన్ మూశాక ఆ డెబిట్ మ్యాండేట్‌ను మన బ్యాంకు యాప్‌లో రద్దు చేసుకోవాలి.

చాలామంది మరిచిపోయే డబ్బు ఒకటుంది. లోన్ ఇచ్చేటప్పుడు రుణ రక్షణ బీమా అని ఒక పాలసీ అంటగట్టి, దాని ప్రీమియం లోన్‌లోనే కలిపేసి ఉంటారు. ఐదేళ్లకు ఒకేసారి కట్టిన ప్రీమియం అది. లోన్ రెండేళ్లకే మూసేస్తే మిగిలిన కాలానికి సరెండర్ విలువ కింద కొంత వెనక్కి వచ్చే వీలు చాలా పాలసీల్లో ఉంటుంది. అడగనివాళ్లకు ఎవరూ పిలిచి ఇవ్వరు. ఫోర్‌క్లోజర్ అడిగే మెయిల్‌లోనే ఇదీ ఒక వాక్యం చేర్చితే సరిపోతుంది.

డబ్బు అందాక సంస్థ ఎన్‌ఓసీతో పాటు సంతకాలు చేసిన ఫారం 35 ఇస్తుంది. వాటితో రవాణా శాఖలో హెచ్‌పీ తీయించుకుంటేనే ఆర్‌సీ మీద ఫైనాన్సర్ పేరు పోతుంది. దీన్ని డ్రాయర్‌లో పెట్టి మరిచిపోతే, ఎన్‌ఓసీ గడువు దాటిపోయి మళ్లీ డూప్లికేట్ కోసం రుసుం కట్టి తిరగాల్సి వస్తుంది. కారు బీమా పాలసీలోనూ ఫైనాన్సర్ పేరు ఉంటుంది. దాన్నీ తీయించాలి, లేకపోతే కారు పూర్తిగా పాడై క్లెయిమ్ వచ్చినప్పుడు బీమా కంపెనీ ముందుగా అడిగేది ఆ ఫైనాన్సర్ కాగితమే. ఇక క్రెడిట్ రిపోర్టు. 2025 జనవరి నుంచి రుణ సంస్థలు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలి కాబట్టి, నెల తిరిగేసరికి లోన్ "క్లోజ్డ్" అని కనిపించాలి. "సెటిల్డ్" అని కనిపిస్తే మాత్రం ఊరుకోవద్దు. అది బాకీ పూర్తిగా కట్టకుండా రాజీపడ్డవాళ్లకు వేసే ముద్ర. స్టేట్‌మెంట్, చెల్లించిన రసీదు, ఎన్‌ఓసీ జతచేసి క్రెడిట్ సంస్థకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే సరిచేస్తారు.